సెంట్రోసోమ్ ఒక్కసారే, ఒక్కటిగానే ఎలా రెట్టింపవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడ కళాశాలల్లో కణజీవశాస్త్రం చదువుతున్న విద్యార్థులు సెంట్రోసోమ్ పాఠం దగ్గర ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. పాఠ్యపుస్తకాలు సాధారణంగా "సెంట్రోసోమ్ రెండుగా విడిపోయి ధ్రువాలకు చేరుతుంది" అన్న ఒక్క వాక్యంతో ముందుకు వెళ్లిపోతాయి. అసలు ఆసక్తికరమైన విషయం ఆ వాక్యం వెనకే ఉంది. కణం తన సెంట్రోసోముల సంఖ్యను ఎలా అదుపులో పెట్టుకుంటుంది, ఆ అదుపు తప్పితే విభజనలో క్రోమోజోములను రెండు వైపులకు పంచే కండెకు ఏమవుతుంది అన్నదే ఈ పేజీలో ప్రధాన విషయం.

ఉల్లి వేరు కొనతో చేసిన స్లైడులో సమవిభజన దశలన్నీ కనిపించాయి గానీ, సెంట్రియోల్ ఎక్కడా కనిపించలేదు. స్లైడు సరిగ్గా చేయలేదా?

స్లైడులో లోపం లేదు. వేరు చివరి ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కను ఆమ్లంలో మెత్తబరచి, అసిటోకార్మిన్ వేసి, కవర్‌స్లిప్ మీద వడపోత కాగితం ఉంచి బొటనవేలితో నొక్కితే ఎర్రని క్రోమోజోములు మధ్యరేఖ మీద బారులు తీరి ఉండటం స్పష్టంగా కనిపిస్తుంది. కండె ధ్రువాలు ఉండవలసిన చోట మాత్రం ఏమీ ఉండదు. ఉల్లికే కాదు, పుష్పించే మొక్కల కణాలు వేటికీ సెంట్రియోళ్లు ఉండవు. వాటి కండె సెంట్రోసోమ్ సహాయం లేకుండానే తయారవుతుంది, దాని ధ్రువాలు కూడా జంతుకణంలో మాదిరిగా ఒక బిందువు దగ్గర కలవకుండా కొంచెం వెడల్పుగా ఉంటాయి.

సెంట్రియోళ్లున్న జంతుకణాన్ని తీసుకున్నా కళాశాల సూక్ష్మదర్శినిలో వాటి నిర్మాణం కనిపించదు. ఒక సెంట్రియోల్ వెడల్పు సుమారు 250 నానోమీటర్లు, పొడవు సుమారు 500 నానోమీటర్లు. సాధారణ కాంతి సూక్ష్మదర్శిని, నూనె కటకం వాడినా, దాదాపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడివిడిగా చూపలేదు. అందువల్ల తగిన రంగు వేస్తే సెంట్రియోల్ ఒక చుక్కలా తెలుస్తుంది, అంతే. పుస్తకంలో గీసిన తొమ్మిది కట్టల అమరిక ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలోనే బయటపడుతుంది. పరీక్షలో ఉల్లి వేరు కణం బొమ్మ గీసేటప్పుడు ధ్రువాల దగ్గర సెంట్రియోళ్లు గీయవద్దు, అది తప్పు బొమ్మ అవుతుంది.

సెంట్రోసోమ్, సెంట్రియోల్ ఒకటేనా?

కావు. సెంట్రియోల్ ఒక చిన్న గొట్టం. దాని గోడలో సూక్ష్మనాళికలు మూడేసి చొప్పున తొమ్మిది కట్టలుగా వృత్తాకారంలో నిలబడి ఉంటాయి. ఇలాంటి రెండు సెంట్రియోళ్లను, వాటి చుట్టూ దట్టంగా పేరుకున్న ప్రోటీన్ పదార్థాన్ని కలిపి సెంట్రోసోమ్ అంటాము. సూక్ష్మనాళికలు పుట్టేది సెంట్రియోల్ గోడ నుంచి కాదు, చుట్టూ ఉన్న ఆ పదార్థం నుంచి. అందులోని గామా ట్యూబ్యులిన్ వలయాలే ప్రతి సూక్ష్మనాళికకూ మొదటి అచ్చుగా పనిచేస్తాయి.

అలాగైతే సెంట్రియోల్ దేనికని వెంటనే మరో ప్రశ్న వస్తుంది. చుట్టూ ఉన్న పదార్థాన్ని ఒకచోట పోగుచేసి పట్టి ఉంచేది సెంట్రియోలే. కణంలో సెంట్రోసోములు ఎన్ని ఉండాలో నిర్ణయమయ్యేది కూడా సెంట్రియోళ్ల లెక్కతోనే. కాబట్టి రెట్టింపు గురించి మాట్లాడేటప్పుడు మనం లెక్కపెట్టవలసింది సెంట్రియోళ్లను.

కణచక్రంలో ఏ దశలో ఎన్ని సెంట్రియోళ్లుంటాయి?

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఈ లెక్క దగ్గరే కనుక ఒకే కణాన్ని మొదటి నుంచి చివరి దాకా అనుసరిద్దాం. ప్రయోగశాలలో పెంచే మానవ కణాల్లో చాలావాటికి ఒక చక్రం దాదాపు 24 గంటలు పడుతుంది. అందులో సుమారు 11 గంటలు జీ1 దశ, 8 గంటలు ఎస్ దశ, 4 గంటలు జీ2 దశ, ఒక గంట విభజన దశ అనుకుందాం. కణాల రకాన్ని బట్టి ఈ గంటలు మారుతాయి, వరుస మాత్రం మారదు.

విభజన ముగించుకుని జీ1 దశలోకి వచ్చిన కణంలో రెండు సెంట్రియోళ్లుంటాయి. వాటిలో ఒకటి పాతది, ఒకటి గత చక్రంలో పుట్టినది. రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉండవు, సన్నని ప్రోటీన్ పోగులతో వదులుగా కలిసి ఉంటాయి. డీఎన్ఏ ప్రతికృతి మొదలయ్యే వేళకు, అంటే జీ1 ముగిసి ఎస్ దశ ప్రారంభమయ్యేటప్పుడు, రెండు సెంట్రియోళ్లలో ప్రతిదాని పక్కన ఒక కొత్త మొలక పుడుతుంది. ఆ మొలక తల్లి గోడకు లంబంగా నిలబడి ఉంటుంది. ఇప్పుడు లెక్క నాలుగు. ఎస్, జీ2 దశల్లో ఈ మొలకలు పొడవు పెరుగుతాయే తప్ప కొత్తవేవీ పుట్టవు.

జీ2 చివర రెండు తల్లులను కలిపిన పోగులు తెగిపోతాయి, ఒక్కొక్క తల్లి తన పిల్లతో సహా వేరవుతుంది. ఆ విధంగా రెండు సెంట్రోసోములు ఏర్పడి, కండెకు రెండు ధ్రువాలవుతాయి. ప్రతి ధ్రువం దగ్గర రెండేసి సెంట్రియోళ్లుంటాయి. కణం రెండుగా విడిపోయినప్పుడు ఒక్కొక్క పిల్లకణానికి రెండేసి దక్కుతాయి, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ క్రమాన్ని గమనిస్తే "సెంట్రోసోమ్ రెండుగా విడిపోతుంది" అనే మాట సరిపోదని తెలుస్తుంది. విడిపోవడం చివరి మెట్టు మాత్రమే. అసలు రెట్టింపు దానికి చాలా గంటల ముందే, డీఎన్ఏ ప్రతికృతితో పాటు జరిగిపోతుంది.

తల్లి సెంట్రియోల్ గోడ చుట్టూ అంత చోటు ఉండగా ఒక్క మొలకే ఎందుకు పుడుతుంది?

ఈ ప్రశ్నకు సమాధానం పీఎల్‌కే4 అనే ఎంజైమ్ చుట్టూ తిరుగుతుంది. సెంట్రియోళ్ల రెట్టింపుకు ఇది తప్పనిసరి అని 2005లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా చూపాయి. ఈ ఎంజైమ్‌ను తొలగిస్తే కొత్త సెంట్రియోల్ పుట్టదు. మోతాదు మించి తయారయ్యేలా చేస్తే తల్లి చుట్టూ ఒకేసారి ఐదారు మొలకలు పూరేకుల్లా లేస్తాయి. అంటే చోటు లేక ఒకటి పుట్టడం లేదు, చోటు ఉన్నా మిగతావి పుట్టకుండా ఏదో ఆపుతున్నది.

జీ1 దశలో చూస్తే పీఎల్‌కే4 తల్లి గోడ చుట్టూ ఒక వలయంలా పరచుకుని ఉంటుంది. మొలక పుట్టే సమయానికి ఆ వలయం చెరిగిపోయి, ఒకే ఒక చుక్క మిగులుతుంది. కొత్త సెంట్రియోల్ ఆ చుక్క దగ్గరే పుడుతుంది. వలయం చుక్కగా మారడానికి ఈ ఎంజైమ్‌కు ఉన్న ఒక విచిత్ర గుణం కారణం. ఇది తన పక్కనున్న తన వంటి అణువుల మీదే ఫాస్ఫేట్ గుర్తులు వేస్తుంది. ఆ గుర్తు పడిన అణువును కణంలోని విచ్ఛిన్న వ్యవస్థ పట్టుకుని నాశనం చేస్తుంది. కాబట్టి పీఎల్‌కే4 ఎంత చురుగ్గా ఉంటే అంత త్వరగా అంతరిస్తుంది, దాని మోతాదు ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది.

ఆ వలయంలో ఎక్కడో ఒకచోట ఎస్‌టీఐఎల్ అనే మరో ప్రోటీన్ వచ్చి దానికి అతుక్కుంటుంది. అలా అతుక్కున్న చోట పీఎల్‌కే4 చురుకుదనం పెరుగుతుంది, అదే సమయంలో అక్కడి అణువులకు నాశనం నుంచి కొంత రక్షణ కూడా దొరుకుతుంది. మిగతా చోట్ల ఉన్నవి క్రమంగా మాయమవుతాయి. ముందుగా బలం పుంజుకున్న ఒక్క చోటు నిలుస్తుంది, తక్కినవి అణగిపోతాయి. మొదట ఏ చోటు గెలుస్తుందన్నది చాలావరకు యాదృచ్ఛికం కావచ్చు. గెలిచే చోటు ఒకటే కావడం మాత్రం యాదృచ్ఛికం కాదు, ఈ పోటీ నిర్మాణం వల్లనే అలా జరుగుతుంది.

పీఎల్‌కే4 గుర్తు వేసిన ఎస్‌టీఐఎల్ ఆపై సాస్-6 అనే ప్రోటీన్‌ను అక్కడికి రప్పిస్తుంది. సాస్-6 అణువులు జంటలుగా ఉంటాయి. అలాంటి తొమ్మిది జంటలు తలలు కలుపుకుంటే మధ్యలో కుంభం, చుట్టూ తొమ్మిది ఆకులు ఉన్న బండిచక్రం వంటి నిర్మాణం వస్తుంది. ఒక్కొక్క ఆకు చివర ఒక్కొక్క సూక్ష్మనాళికల కట్ట లేస్తుంది. తొమ్మిదే ఎందుకని అడిగేవారికి ఇదే సమాధానంలో పెద్ద భాగం. జంటలు ఒకదానితో ఒకటి కలిసే కోణం తొమ్మిదింటితో వలయం మూసుకునేందుకు అనుకూలంగా ఉందని 2011లో ఈ ప్రోటీన్ నిర్మాణాన్ని స్ఫటికాల ద్వారా చూసినప్పుడు తేలింది. అయితే సాస్-6 ఒక్కటే ఉంటే పరీక్షనాళికలో లెక్క కొంత అటూ ఇటూ అవుతుంది, చుట్టూ ఉన్న ఇతర ప్రోటీన్లు కూడా తొమ్మిదిని స్థిరపరుస్తాయి.

ఒకసారి మొలక పుట్టాక, అదే ఎస్ దశలో తల్లి మళ్లీ ఇంకొకదాన్ని ఎందుకు పుట్టించదు?

పై ప్రశ్న "ఎన్ని" గురించి, ఇది "ఎన్నిసార్లు" గురించి. రెండింటికీ సమాధానాలు వేరు.

ఎస్ దశలోని కణద్రవ్యం రెట్టింపును ప్రోత్సహిస్తుంది. అటువంటప్పుడు అడ్డు ఎక్కడుంది, కణద్రవ్యంలోనా లేక సెంట్రోసోమ్‌లోనే ఉందా? దీన్ని తేల్చడానికి 2003లో వేర్వేరు దశల్లోని మానవ కణాలను జతలుగా కలిపి చూశారు. జీ1 దశలో ఉన్న సెంట్రోసోమ్‌ను ఎస్ దశ కణద్రవ్యంలోకి తెస్తే అది రెట్టింపయింది. అప్పటికే రెట్టింపు ముగించుకున్న జీ2 సెంట్రోసోమ్‌ను అదే కణద్రవ్యంలోకి తెచ్చినా అది కదలలేదు. ఒకే కణద్రవ్యంలో ఒకటి స్పందించి మరొకటి స్పందించకపోతే, అడ్డు సెంట్రోసోమ్‌లోనే ఉన్నట్టు.

ఆ అడ్డు ఏమిటో 2008లో జరిగిన మరో ప్రయోగం చూపింది. ఎస్ దశలోనే నిలిపి ఉంచిన కణాల్లో, తల్లిని అంటిపెట్టుకుని ఉన్న పిల్ల సెంట్రియోల్‌ను లేజర్ కిరణంతో కాల్చివేశారు. తల్లికి దెబ్బ తగలలేదు. అప్పుడు ఆ తల్లి అదే ఎస్ దశలో మరో పిల్లను పుట్టించింది. నాకు ఈ ప్రయోగం ఎప్పుడు చెప్పినా సంతోషంగా ఉంటుంది, ఎందుకంటే ప్రశ్న ఎంత సూటిగా ఉందో సమాధానమూ అంత సూటిగా వచ్చింది. అంటిపెట్టుకుని ఉన్న పిల్లే తల్లికి అడ్డు.

మరి ఆ అడ్డు తొలగేదెప్పుడు? విభజన చివరలో. సోదర క్రోమాటిడ్లను కలిపి ఉంచే బంధాన్ని తెంచే సెపరేజ్ అనే ఎంజైమ్, పీఎల్‌కే1 అనే మరో ఎంజైమ్‌తో కలిసి, తల్లీపిల్లల బిగుతైన అతుకును కూడా విడదీస్తుంది. అంటే క్రోమోజోములు విడిపోయే ఘట్టమూ, వచ్చే చక్రంలో సెంట్రియోల్ రెట్టింపుకు అనుమతి దొరికే ఘట్టమూ ఒకే ఎంజైమ్‌కు ముడిపడి ఉన్నాయి. క్రోమోజోముల పంపకం జరగకుండా సెంట్రియోళ్ల తరువాతి రెట్టింపు మొదలుకాకుండా ఉండటానికి ఇంతకంటే పటిష్ఠమైన ఏర్పాటు ఊహించడం కష్టం.

కొత్త సెంట్రియోల్, పాత సెంట్రియోల్ సమానమైనవేనా?

కావు. ఈ చక్రంలో పుట్టిన సెంట్రియోల్ విభజన ముగిసేసరికి తన చుట్టూ పదార్థాన్ని పోగుచేసుకునే శక్తిని పొందుతుంది, వచ్చే చక్రంలో తానూ తల్లి కాగలుగుతుంది. అయినా పూర్తిగా పరిపక్వం కావడానికి దానికి మరో చక్రం పడుతుంది. పరిపక్వమైన సెంట్రియోల్ ఒక కొసన తొమ్మిది చిన్న రెక్కల వంటి అనుబంధాలుంటాయి. కణత్వచానికి అతుక్కుని, కణం మీద వెంట్రుకలా మొలిచే శైలికకు పునాది కాగలిగేది అవి ఉన్న సెంట్రియోల్ మాత్రమే. అందుకే ఒక విభజనలో పుట్టిన రెండు పిల్లకణాలు ఈ విషయంలో కచ్చితంగా సమానం కావు. ఎక్కువ వయసున్న తల్లి సెంట్రియోల్ అందుకున్న కణం సాధారణంగా తన సోదరి కంటే ముందు శైలికను మొలిపిస్తుంది.

కండె నిర్మాణంలో సెంట్రోసోమ్ చేసే పని ఖచ్చితంగా ఏమిటి?

విభజనకు ముందు పీఎల్‌కే1 ప్రభావంతో సెంట్రోసోమ్ చుట్టూ పదార్థం బాగా పెరుగుతుంది, దానితో పాటు గామా ట్యూబ్యులిన్ వలయాల సంఖ్యా పెరుగుతుంది. అంతర్దశలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా సూక్ష్మనాళికలు ఇప్పుడు అక్కడి నుంచి బయలుదేరుతాయి. వాటి ఒక కొస సెంట్రోసోమ్ దగ్గర ఉంటుంది. రెండో కొస బయటికి పెరుగుతూ, హఠాత్తుగా కుంచించుకుపోతూ, మళ్లీ పెరుగుతూ ఉంటుంది. అలా నలుదిక్కులా వెతుకుతున్న కొస క్రోమోజోము మీద సూక్ష్మనాళికలు పట్టుకునే స్థలమైన కైనెటోకోర్‌కు తగిలితే అక్కడ స్థిరపడుతుంది. సోదర క్రోమాటిడ్ల కైనెటోకోర్లు ఎదురెదురు ధ్రువాలకు కట్టుబడితే రెండు వైపులా బిగువు ఏర్పడుతుంది. ఆ బిగువు ఉన్న కట్టుబాటే నిలుస్తుంది, లేనిది ఊడిపోతుంది.

రెండు సెంట్రోసోములు దూరం కావడం వేరే పని. ఒకదానికొకటి ఎదురుగా పెరిగిన సూక్ష్మనాళికలను పట్టుకుని వెనక్కి నెట్టే చోదక ప్రోటీన్ ఒకటి ఉంది, దానిని కైనెసిన్-5 అంటారు. 1999లో కనుగొన్న మోనాస్ట్రోల్ అనే చిన్న అణువు ఈ చోదకాన్ని ఆపుతుంది. అప్పుడు రెండు సెంట్రోసోములూ మధ్యలోనే ఉండిపోతాయి, క్రోమోజోములు వాటి చుట్టూ గుండ్రంగా చేరతాయి. అటువంటి ఏకధ్రువ కండె కనిపిస్తే సెంట్రోసోములు లేవని కాదు, విడిపోలేదని అర్థం. ఈ రెండింటినీ తికమకపడకూడదు.

కండె ఏ దిశలో నిలవాలో కూడా సెంట్రోసోమ్ నిర్ణయిస్తుంది. క్రోమోజోముల వైపు కాక కణత్వచం వైపు వెళ్లే నక్షత్ర సూక్ష్మనాళికలను త్వచం లోపలి చోదకాలు పట్టి లాగుతాయి. కణం అడ్డంగా చీలాలా నిలువుగా చీలాలా అన్నది ఆ లాగుడు మీద ఆధారపడుతుంది.

ఉల్లి కణం సెంట్రోసోమ్ లేకుండానే విభజన చెందుతుంటే, జంతుకణానికి అది తప్పనిసరి అని ఎలా అంటాము?

కండె ఏర్పడటానికి తప్పనిసరి అని అనకూడదు. 2000లో జంతుకణంలోని సెంట్రోసోమ్‌లను లేజర్‌తో నాశనం చేసి చూసినప్పుడు రెండు ధ్రువాల కండె ఏర్పడింది. క్రోమోజోముల దగ్గరే సూక్ష్మనాళికలు పుట్టే మార్గం కణంలో ఉంది, అప్పటికే ఉన్న సూక్ష్మనాళిక మీద నుంచి కొమ్మల్లా కొత్తవి పుట్టే మార్గమూ ఉంది. అలా పుట్టిన వాటి కొసలను డైనీన్ వంటి చోదకాలు ఒకచోట చేరుస్తాయి. స్త్రీ అండకణం కూడా తన సెంట్రియోళ్లను పోగొట్టుకుని, అవి లేకుండానే క్షయకరణ విభజన జరుపుకుంటుంది. మానవ సంయుగ్మ బీజానికి సెంట్రియోళ్లను తెచ్చేది శుక్రకణం.

2006లో ఈగలతో జరిగిన ప్రయోగం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసింది. సెంట్రియోళ్లు తయారు చేసుకోలేని డ్రోసోఫిలా ఈగలు, తల్లి అండం నుంచి వచ్చిన కొద్దిపాటి నిల్వతో మొదలై, ఆ తరువాత అవి లేకుండానే పెరిగి పెద్ద ఈగలయ్యాయి. కానీ జ్ఞాన నాడీకణాల్లో శైలికలు లేకపోవడం వల్ల తమ కాళ్లను తాము అదుపు చేసుకోలేక త్వరగానే చనిపోయాయి. ఈగకు సెంట్రియోల్ అత్యవసరమైనది కండె కోసం కాదు, శైలిక కోసం.

మానవ కణం ఈగ కణమంత ఉదారం కాదు. 2015లో వెలువడిన సెంట్రినోన్ అనే మందు పీఎల్‌కే4ను ఆపుతుంది. మందు ఉన్నంతకాలం కొత్త సెంట్రియోళ్లు పుట్టవు, పాతవి ప్రతి విభజనలోనూ పంచబడి పలుచబడతాయి. నాలుగు సెంట్రియోళ్లతో ఉండవలసిన విభజన దశ కణం మొదట రెండింటితో, తరువాత ఒకదానితో, చివరకు ఏదీ లేకుండా విభజనకు వస్తుంది. ఆ తరువాత కండె ఏర్పడుతుంది గానీ విభజన ఆలస్యమవుతుంది. సాధారణ మానవ కణాలు ఆ ఆలస్యాన్ని గుర్తుపెట్టుకుంటాయి, పీ53 అనే కావలి ప్రోటీన్ వాటిని జీ1 దశలోనే నిలిపివేస్తుంది. పీ53 పనిచేయని అనేక క్యాన్సర్ కణాలు సెంట్రోసోమ్ లేకుండానే తప్పులు చేస్తూ విభజన కొనసాగిస్తాయి.

సెంట్రోసోములు రెండుకు బదులు మూడు ఉంటే క్రోమోజోముల పంపకం ఎంత దెబ్బతింటుంది?

ఒక ఉదాహరణను కాగితం మీద లెక్కవేద్దాం. మూడు సెంట్రోసోములు మూడు ధ్రువాలై, కణం మూడుగా చీలిందనుకోండి. మానవ కణంలో 46 క్రోమోజోములు, అంటే విభజనకు ముందు 92 క్రోమాటిడ్లు ఉంటాయి. వాటిని మూడు కణాలకు పంచితే ఒక్కొక్కదానికి సగటున 31కి కాస్త తక్కువగా వస్తాయి, కావలసినవి మాత్రం 46.

లోపం సంఖ్యతో ఆగిపోదు. ప్రతి క్రోమోజోము రెండు సోదర క్రోమాటిడ్లను మూడు ధ్రువాల్లో ఏదో రెండింటికి పంపుతుంది. మూడు ధ్రువాలూ సమానంగా ఉన్నాయనుకుంటే, మనం ఎంచుకున్న ఒక పిల్లకణానికి ఆ క్రోమోజోము అసలు రాకపోయే అవకాశం మూడింట ఒకటి. జతలోని రెండో క్రోమోజోముకూ అంతే. కాబట్టి ఆ జత మొత్తం తప్పిపోయే అవకాశం తొమ్మిదింట ఒకటి, కనీసం ఒక ప్రతి అందే అవకాశం తొమ్మిదింట ఎనిమిది. ఇలాంటి జతలు 23 ఉన్నాయి. అన్ని జతల్లోనూ కనీసం ఒక్కొక్కటి అందే అవకాశాన్ని ఇలా లెక్కించవచ్చు:

```
(8/9)^23 ≈ 0.067
```

అంటే దాదాపు పదిహేను కణాల్లో ఒకటి. మిగతా పద్నాలుగింటిలో ఏదో ఒక క్రోమోజోము జత పూర్తిగా లేదు. అటువంటి కణం బతకడం దాదాపు అసాధ్యం. నిజమైన కణంలో ధ్రువాలు అంత సమానంగా ఉండవు కనుక అంకె కొంత మారుతుంది, ముగింపు మారదు. మూడు ధ్రువాల విభజన ఎక్కువగా మరణానికే దారితీస్తుంది.

అలాంటప్పుడు అదనపు సెంట్రోసోములున్న క్యాన్సర్ కణాలు ఎలా బతుకుతున్నాయి? అవి అదనపు సెంట్రోసోములను గుంపులుగా దగ్గరకు చేర్చి, చివరకు రెండే ధ్రువాలను చేసుకుంటాయి. అయితే అలా గుంపు చేరేలోగా కొంతసేపు బహుధ్రువ దశ గడుస్తుంది. ఆ సమయంలో ఒకే కైనెటోకోర్‌కు రెండు వేర్వేరు ధ్రువాల సూక్ష్మనాళికలు తగులుకుంటాయి. ధ్రువాలు రెండయ్యాక కూడా ఆ తప్పుడు కట్టు కొన్నిచోట్ల ఉండిపోతుంది. దానికి రెండు వైపులా బిగువు ఉంటుంది కాబట్టి కణంలోని తనిఖీ వ్యవస్థ దానిని పట్టుకోలేదు. చలన దశలో ఆ క్రోమాటిడ్ ఇటూ అటూ లాగబడి మధ్యలో వెనకబడుతుంది, తప్పు కణంలోకి చేరవచ్చు. 2009లో జీవించి ఉన్న కణాలను కెమెరాతో చిత్రించి ఈ దారిని చూపారు. కణాన్ని చంపేంత పెద్ద తప్పు కాకుండా, బతికి ఉంటూనే ఒకటి రెండు క్రోమోజోములు తారుమారయ్యే చిన్న తప్పులు ఇలా పుడతాయి.

అదనపు సెంట్రోసోములు క్యాన్సర్‌కు కారణమా, ఫలితమా?

రెండూ కావచ్చు. జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ బోవెరి సముద్రపు ఉర్చిన్ అండాల్లో బహుధ్రువ విభజనలను పరిశీలించి, క్రోమోజోముల తప్పుడు పంపకం కణితులకు మూలం కావచ్చని 1914లోనే ప్రతిపాదించారు. శతాబ్దం తరువాత, 2017లో, పీఎల్‌కే4 కొద్దిగా ఎక్కువ తయారయ్యేలా చేసిన ఎలుకల్లో ఇతర జన్యు మార్పులేవీ చేయకుండానే కణితులు వచ్చాయని తేలింది. అంటే కారణం కాగలదు. మరోవైపు కణద్రవ్య విభజన విఫలమైన కణంలో సెంట్రోసోములు రెండింతలు మిగిలిపోతాయి, అక్కడ అవి ముందు జరిగిన తప్పుకు ఫలితం. ఈ రెండు దారులను ఎలా వేరుచేయాలో చివరి ప్రశ్నలో చూద్దాం.

మేనరికం పెళ్లిళ్లలో పుట్టే కొందరు పిల్లలకు తల చిన్నదిగా ఉండటానికీ సెంట్రోసోమ్‌కూ సంబంధం ఉందా?

తల చిన్నదిగా ఉండటానికి గర్భంలో సోకిన అంటువ్యాధులు, పోషకాహార లోపం, పుట్టుక సమయంలో ఇబ్బందులు వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ప్రాథమిక సూక్ష్మశిరస్సు అనే అరుదైన వంశపారంపర్య స్థితికి మాత్రం సెంట్రోసోమ్‌తో నేరుగా సంబంధముంది. దీనికి కారణమని గుర్తించిన జన్యువుల్లో చాలావరకు సెంట్రోసోమ్ లేదా కండె ధ్రువానికి చెందిన ప్రోటీన్లకు సంకేతాలిస్తాయి. పైన చెప్పిన ఎస్‌టీఐఎల్ కూడా వాటిలో ఒకటి. మెదడు పెరిగే కాలంలో నాడీ పూర్వకణాలు వేగంగా విభజన చెందాలి. వాటి విభజన ఆలస్యమైనా, దిశ తప్పినా ఆ పూర్వకణాల నిల్వ త్వరగా తరిగిపోతుంది, మెదడు చిన్నదిగా మిగులుతుంది.

ఇది అంతర్గత లక్షణం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపభూయిష్ట ప్రతులు అందితేనే బిడ్డలో కనిపిస్తుంది. మన జిల్లాల్లో మేనమామనో, మేనత్త కొడుకునో పెళ్లాడే ఆనవాయితీ ఉన్న కుటుంబాల్లో తల్లిదండ్రులిద్దరికీ ఒకే పూర్వీకుడి నుంచి అదే ప్రతి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ స్థితి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే మరో కాన్పుకు ముందే జన్యు సలహా నిపుణుణ్ణి కలవడం అవసరం, ఎందుకంటే ఏ జన్యువో తెలిస్తేనే గర్భంలో పరీక్ష సాధ్యమవుతుంది.

ఎం.ఎస్సీ. ప్రాజెక్టులో సెంట్రోసోములను లెక్కించాలి. ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

ప్రతిదీప్త ప్రతిరక్షకాలతో రెండు రకాల చుక్కలను ఒకేసారి చూడండి. సెంట్రిన్‌కు వేసే రంగు ఒక్కొక్క సెంట్రియోల్‌ను ఒక్కొక్క చుక్కగా చూపుతుంది, గామా ట్యూబ్యులిన్‌కు వేసే రంగు చుట్టూ ఉన్న పదార్థాన్ని చూపుతుంది. మూడో రంగుగా డీఎన్ఏను కూడా చూడాలి.

మొదటి పొరపాటు, దశ చూడకుండా లెక్కించడం. జీ2 కణంలో నాలుగు సెంట్రిన్ చుక్కలు సహజం. వాటిని అదనం అని రాస్తే మీ పట్టిక మొత్తం తప్పవుతుంది. అందువల్ల విభజన దశలో ఉన్న కణాలనే లెక్కపెట్టడం సురక్షితం. అక్కడ మొత్తం నాలుగు దాటితేనే అదనం. రెండో పొరపాటు, గామా ట్యూబ్యులిన్ ఒక్కదాన్నే నమ్మడం. చుట్టూ ఉన్న పదార్థం చిరిగి ముక్కలైనా మూడో చుక్క, మూడో ధ్రువం కూడా కనిపిస్తాయి. ఆ ధ్రువంలో సెంట్రిన్ చుక్క లేకపోతే అక్కడ సెంట్రియోల్ లేదు, సంఖ్య పెరగలేదు.

నిజంగానే అదనం ఉందని తేలితే, అది అతి రెట్టింపు వల్లనా, కణద్రవ్య విభజన విఫలమవడం వల్లనా అని చూడాలి. దీనికి పరిపక్వ సెంట్రియోల్ కొసనుండే రెక్కల ప్రోటీన్ సెప్-164కు రంగు వేసి, ఈసారి అంతర్దశ కణాలను చూడండి. విభజన దగ్గరపడే కొద్దీ కొత్త తల్లికి కూడా రెక్కలు రావడం మొదలవుతుంది కనుక విభజన దశ కణాలు ఈ ఒక్క పరీక్షకు పనికిరావు. అంతర్దశ కణంలో సెంట్రిన్ చుక్కలు ఎన్ని ఉన్నా సెప్-164 ఉన్నది ఒక్కటే అయితే, అదనపువన్నీ ఇటీవలే పుట్టిన పిల్లలు, కారణం అతి రెట్టింపు. సెప్-164 ఉన్న సెంట్రియోళ్లు రెండు ఉండి డీఎన్ఏ కూడా రెండింతలుంటే, రెండు కణాలు కావలసినది ఒక్కటిగా మిగిలిపోయింది. ఒక్క కణాన్ని చూసి తీర్పు చెప్పకుండా, ప్రతి నమూనాలోనూ కనీసం వంద కణాలను, ఏ నమూనాకు మందు ఇచ్చారో లెక్కించేవారికి తెలియకుండా లెక్కపెట్టించండి.